నీళ్ళాయన ఆపిన కాగితం

ముప్పై మూడేళ్ళు ఊరికి నీళ్ళు వదిలిన మనిషి ఆయన. నలభై రెండు వీధులు, నూట పదకొండు వాల్వులు. ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పితే ఏ ఇంటి మేడమీదికి నీళ్ళు ఎక్కుతాయో ఆయనకు వేళ్ళమీద ఉండేది. అందుకే ఊళ్ళో అసలు పేరు మరుగున పడి నీళ్ళాయన అనే పేరు మిగిలింది. చదివింది పల్లెటూరి బడిలో ఐదో తరగతి వరకే. అయినా ఆయన రాసిన వాల్వుల రిజిస్టరు చూసి పైనుంచి వచ్చిన ఇంజనీరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ముప్పై మూడేళ్ళలో ఒక్క కొట్టివేత లేదు, ఒక్క దిద్దుబాటు లేదు. ఏ వీధికి ఎన్ని గంటలకు వదిలాడో, ఎన్నింటికి కట్టేశాడో నిమిషాలతో సహా ఉంది. ఈ మాట ఆయన చెప్పగా ఊరంతా వినే ఉంటుంది. వినని వాళ్ళుంటే ఆపి మరీ చెప్పేవాడు.

అలాంటి మనిషి ఉద్యోగం దిగాక ఊరికే కూర్చుంటాడా? ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టాడు.

ఊళ్ళో ఆడేవాళ్ళు లేక కాదు. సాయంత్రమైతే బస్టాండు వెనక ఖాళీ స్థలంలో రాళ్ళు పెట్టి ఆడేవాళ్ళు. లారీ వస్తే ఆట ఆగేది, లారీ పోతే మళ్ళీ మొదలయ్యేది. బడిలో ఆటలు నేర్పి రిటైరైన డ్రిల్లు టీచరమ్మ ఒకనాడు వాళ్ళను చూసి, "వీళ్ళకో పేరు, ఓ నేల ఉంటే జిల్లా లీగులో ఆడతారు" అంది నీళ్ళాయనతో. ఆమె మాటవరసకు అంది. ఆయన మాత్రం ఆ రాత్రి భోజనం దగ్గరే భార్యకు క్లబ్బు పెట్టేసినట్టు చెప్పాడు.

ముందు నేల. ఆ విషయంలో ఆయనకు సాటి వచ్చేవాడు ఊళ్ళో లేడు. నీళ్ళ ట్యాంకు వెనకాల పాత చెరువులాంటి తొట్టి ఒకటుంది. కొత్త ఫిల్టర్లు రాకముందు నీళ్ళు తేరుకోవడానికి వాడిన తొట్టి అది. ఇరవై ఏళ్ళుగా ఎండిపోయి ఉండటంతో తుమ్మ మొక్కలు మొలిచాయి. అడుగు బల్లపరుపు, ఒక మూలకు జానెడు వాలు. వాన పడితే నీరు నిలవదు. ఆ వాలు ఎందుకుందో తెలిసినవాడు ఆయనొక్కడే, ఎందుకంటే ఆ తొట్టిని ఏడాదికోసారి కడిగించింది ఆయనే. టేపు పట్టి కొలిచాడు. నూట పది మీటర్ల పొడవు, డెబ్బై వెడల్పు. వందకు అరవై నాలుగు గీసుకుంటే చుట్టూ మనిషి తిరగడానికి చోటు మిగులుతుంది. మునిసిపాలిటీ చుట్టూ నాలుగు నెలలు కాలికి బలపం కట్టుకుని తిరిగి, పక్కా కట్టడం ఏదీ కట్టకూడదన్న షరతుమీద పదకొండు నెలల కౌలు కాగితం సంపాదించాడు.

గోలు స్తంభాలకు మూలపడిన నాలుగంగుళాల నీటి గొట్టాలు వేలంలో తీసుకుని తెల్లరంగు వేయించాడు. అడ్డం ఏడు మీటర్ల ముప్పై రెండు సెంటీమీటర్లు, నేలనుంచి ఎత్తు రెండు మీటర్ల నలభై నాలుగు. గీత వెడల్పూ స్తంభం వెడల్పూ ఒకటే ఉండాలని నియమం. సున్నం పోసే డబ్బాకు గొట్టం వెడల్పున కంత కోయించాడు. డ్రిల్లు టీచరమ్మ వచ్చి కొలిచి, కొలిచి, "ఎక్కడా తప్పు లేదండీ" అంది కొంచెం నిరాశగా.

"తప్పుంటే నేను రిజిస్టరు రాసేవాణ్ణే కాదు" అన్నాడాయన.

ఇక మనుషులు. క్లబ్బును సంఘంగా నమోదు చేయడానికి ఏడుగురు కావాలి. టైర్ల షావుకారు అధ్యక్షుడు, నీళ్ళాయన కార్యదర్శి. మిగతావాళ్ళు పెట్టినచోట సంతకం పెట్టారు. ఆ తర్వాత జిల్లా ఫుట్‌బాల్ సంఘంలో చేరాలి. వాళ్ళ నియమాల పుస్తకంలో ఒక వాక్యం ఉంది: లీగులో చేరే క్లబ్బుకు నమోదైన ఆటగాళ్ళు పదహారుమందికి తక్కువ ఉండరాదు. నీళ్ళాయన ఆ వాక్యాన్ని పద్యంలా బట్టీపట్టాడు.

పదహారుమందిని పోగుచేయడం నీళ్ళు వదిలినంత తేలిక కాదని అప్పుడు తెలిసింది. ప్రతివాడికీ ఫారం, ఫొటో, పుట్టిన తేదీ కాగితం, డాక్టరు ఇచ్చిన ఆరోగ్య పత్రం కావాలి. మంగలి నల్ల కళ్ళజోడుతో ఫొటో దిగి వచ్చాడు. ప్రింటింగు ప్రెస్సులో పనిచేసే అన్నదమ్ములిద్దరి కాగితాల్లో పుట్టిన తేదీలకు మధ్య నాలుగు నెలలే తేడా ఉంది. వాళ్ళమ్మను అడిగితే, "నేనేం గడియారం పట్టుకుని కన్నానా?" అందట. ఆరోగ్య పత్రాలన్నీ పళ్ళ డాక్టరుతో ఒక్కరోజులో సంతకం చేయించేశాడు నీళ్ళాయన. పళ్ళ డాక్టరు సంతకం చెల్లదని జిల్లా ఆఫీసు కట్ట మొత్తం తిప్పి పంపింది. అప్పుడైనా ముందుగా ఫోను చేసి అడిగి ఉండాల్సిందని టీచరమ్మ అంటే, ఆయన ముఖం ముడుచుకున్నాడు. అడగడం ఆయనకు అలవాటు లేదు. ఊరంతా ఆయన్ని అడిగేది, నీళ్ళెప్పుడొస్తాయని.

మొత్తానికి పదహారుమంది అయ్యారు. ఒక్కడు ఎక్కువ లేడు, ఒక్కడు తక్కువ లేడు.

పదహారోవాడు గోడ. బేకరీలో పిండి పిసికే మనిషి, ఇరవై ఎనిమిదేళ్ళవాడు. తెల్లవారుజామున నాలుగింటికి పనిలోకి దిగితే మధ్యాహ్నానికి మోచేతులదాకా పిండి అంటుకుని బయటికి వచ్చేవాడు. గోల్లో నిలబడితే బంతి దాటేది కాదు కాబట్టి గోడ అన్నారు. మాట తక్కువ. నీళ్ళాయన్ని పెదనాన్నా అని, ఆయన భార్యను పెద్దమ్మా అని పిలిచేవాడు. చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పుడు వాళ్ళ వీధి కుళాయి దగ్గర మొదలైన పిలుపు.

డబ్బు సంగతి కూడా తేలింది. టైర్ల షావుకారు చొక్కాలు కొన్నాడు, వీపుమీద అంకె కన్నా టైరు బొమ్మ పెద్దది. పళ్ళ డాక్టరు గోడకు చేతితొడుగులు కొనిచ్చి, "ఈ ఆటవల్ల నాకూ నాలుగు కేసులు వస్తాయిలెండి" అని నవ్వాడు. దుకాణాల వాళ్ళు తలా కొంత నెల నెలా ఇస్తామన్నారు. కానీ అందరిదీ ఒకటే షరతు: ఈ ఏడే లీగులో ఆడాలి. ఆడకపోతే ఒక్క పైసా రాదు, ఇచ్చింది కూడా వెనక్కి ఇవ్వాలి. షావుకారు ఈ మాట నవ్వుతూ చెప్పాడు గానీ నవ్వులాటకు కాదు.

లీగుకు ముందు అలవాటు కోసం ఓడరేవు జట్టులోని రెండో వరస ఆటగాళ్ళతో స్నేహపు ఆట పెట్టారు. ఓడరేవు జట్టంటే జిల్లాలోకెల్లా పెద్దది. ఆటగాళ్ళకు గోదాముల్లో ఉద్యోగాలిచ్చి పోషిస్తుంది. ఆ రోజు గోడ ఆపినవి లెక్కపెట్టడం జనం మర్చిపోయారు. రెండు గోల్స్ పడ్డాయి, పడాల్సినవి పది. ఆట అయ్యాక ఓడరేవు జట్టు మేనేజరు స్తంభాన్ని చేత్తో తట్టి చూసి, ఇవి నీటి గొట్టాలా అని అడిగాడు. నీళ్ళాయన మొదలుపెట్టాడు: ముప్పై మూడేళ్ళు, నలభై రెండు వీధులు, నూట పదకొండు వాల్వులు. మేనేజరు వింటున్నట్టే ఉన్నాడు, చూపు మాత్రం గోడమీద ఉంది.

పందొమ్మిదో తేదీ మధ్యాహ్నం గోడ బేకరీ నుంచి నేరుగా నీళ్ళాయన ఇంటికి వచ్చాడు. ఆయన ఇంట్లో లేడు. మడత పెట్టిన కాగితం ఒకటి పెద్దమ్మ చేతికిచ్చాడు. ఓడరేవు వాళ్ళు పిలుస్తున్నారు, గోదాములో స్థిరమైన ఉద్యోగం, జట్టులో చోటు. కానీ గోడ ఇక్కడ నమోదై ఉన్నాడు. ఒకడు రెండు క్లబ్బుల్లో ఉండటానికి వీల్లేదు. ఈ క్లబ్బు నిరభ్యంతర పత్రం ఇస్తేనే ఆ క్లబ్బు నమోదు చేసుకోగలదు. నెలాఖరుతో గడువు సరి. కాగితంమీద పిండి మరక ఉంది. "పెదనాన్న రాగానే ఇవ్వు పెద్దమ్మా" అన్నాడు. ఆవిడ ఆ కాగితాన్ని ఆయన కళ్ళజోడు డబ్బా కింద పెట్టి, ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే చెప్పింది.

నీళ్ళాయన చదివాడు. గోడ బాగుపడతాడని మొదట సంతోషమే వేసింది. ఆ వెంటనే పుస్తకంలోని వాక్యం గుర్తొచ్చింది. పదహారులో ఒకటి పోతే పదిహేను. పదిహేనైతే లీగు లేదు. లీగు లేకపోతే చందాలు లేవు, కౌలు లేదు, క్లబ్బు లేదు. నాలుగు నెలలు తిరిగిన తిరుగుడు, గొట్టాలు, సున్నం డబ్బా అన్నీ నీళ్ళపాలు.

కాగితం ఇవ్వనని ఆయన అనుకోలేదు. అక్కడే ఉంది కిటుకు. ముప్పై మూడేళ్ళు ఆయన చేసిన పని అదే. ఉన్న నీళ్ళు అన్ని వీధులకూ ఒకేసారి చాలవు. ఒక వీధికి కట్టేస్తేనే ఇంకో వీధికి ఎక్కుతాయి. బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళకు రేపొస్తాయమ్మా అని చెప్పడం, నిజంగానే రేపు వదలడం ఆయనకు చేయి తిరిగిన పని. ఎవరి దగ్గరా ఏదీ లాక్కున్నట్టు కాదు, కాస్త ఆపినట్టు. గోడ కాగితం కూడా కాస్త ఆపుదాం, ఈలోగా పదిహేడోవాడిని పట్టుకుని, రాగానే వదులుదాం అనుకున్నాడు.

పదిహేడోవాడి కోసం ఊరంతా గాలించాడు. కొరియరు కుర్రవాడు మోకాలు చూపించాడు. గ్యాసు బండ్లు మోసేవాడు, "పొద్దంతా మోసేది చాలక సాయంత్రం తన్నించుకోవడం కూడానా బాబాయ్" అన్నాడు. ఫొటోగ్రాఫరు ఒప్పుకున్నాడు గానీ వాళ్ళావిడ ఒప్పుకోలేదు. ఇరవై నాలుగున గోడ ఎదురుపడి అడిగాడు. షావుకారు ఊళ్ళో లేడు, ముద్ర ఆయన దగ్గరుందని నీళ్ళాయన చెప్పాడు. నిజానికి ముద్ర తన జేబులోనే ఉంది. నడిచినప్పుడల్లా తొడకు తగులుతూనే ఉంది.

ఇరవై ఎనిమిదిన ఓడరేవు మేనేజరు ఫోను చేశాడు. మీవాడు కాగితం అడిగాడట కదా, ఎప్పుడిస్తున్నారని. నీళ్ళాయన కొంచెం నీళ్ళు నమిలి, "నాకే కాగితమూ అందలేదండీ" అన్నాడు.

ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. ఫోను పెట్టేశాక చాలాసేపు అరుగుమీద కూర్చున్నాడు. రేపు వదులుతానన్న మాటకూ, ఈ మాటకూ మధ్య ఏదో గట్టు తెగిందని తెలుస్తూనే ఉంది. లేచి వెళ్ళి సంతకం పెడితే ఇంకా మూడు రోజులుంది. లేవలేదు.

నెలాఖరు దాటింది. రెండో తేదీన ఆయన క్లబ్బు రిజిస్టరు తెరిచి, వచ్చిన ఉత్తరాల పేజీలో గోడ ఉత్తరం ఎక్కించాడు. అందిన తేదీ గడిలో రెండు అని వేశాడు. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా, ముత్యాల్లా వచ్చాయి. అది చూసే ఆయనకు భయం వేసింది.

ఆ సాయంత్రం గోడ వచ్చాడు. కోపంగా రాలేదు. వస్తే బాగుండేది. "పెదనాన్నా, పందొమ్మిదో తేదీనే పెద్దమ్మ చేతికిచ్చాను కదా" అన్నాడు అర్థం కానట్టు. భార్య అప్పుడు పక్కింట్లో ఉంది. నీళ్ళాయన ఆమె గొంతు ప్రహరీ అవతలినుంచి వినిపిస్తుండగానే నోరు తెరిచాడు.

"మీ పెద్దమ్మ ఎక్కడో పెట్టి మర్చిపోయిందిరా. ఇవాళే కనబడింది. వయసైపోయింది, ఏం చేస్తాం."

గోడ పక్కింటివైపు చూశాడు. "పోన్లే పెదనాన్నా. ఆవిణ్ణి ఏమీ అనకు" అన్నాడు. "నేనే నీ చేతికివ్వాల్సింది, తొందరపడ్డాను."

వాడు వీధి మలుపు తిరిగేదాకా నీళ్ళాయన గుమ్మంలోనే ఉన్నాడు. ఆ రాత్రి అన్నం సహించలేదు. భార్య నుదురు పట్టుకుని చూసింది. జ్వరం లేదంది.

లీగు మొదలైంది. మొదటి ఆట సొంత నేలమీదే. గట్టుమీద జనం, టైరు బొమ్మల చొక్కాలు, టీచరమ్మ ఈల. ఒకటి సున్నా మీద ఉండగా చివరి పది నిమిషాల్లో అవతలివాళ్ళకు పెనాల్టీ దొరికింది. గోడ గీతమీద నిలబడి చేతులు చాపాడు. బంతి కుడివైపు కిందుగా వచ్చింది. వాడు ముందే అక్కడున్నట్టు పడి పట్టుకున్నాడు. ఊరు ఊగిపోయింది. షావుకారు నీళ్ళాయన్ని కౌగిలించుకుని, నీవల్లేనయ్యా అన్నాడు. ఆట ముగిశాక జిల్లా నుంచి వచ్చిన పత్రికావాడు నోటు పుస్తకం తీసి క్లబ్బు కథ చెప్పమన్నాడు. నీళ్ళాయన మొదలుపెట్టాడు గానీ నలభై రెండు వీధుల దగ్గర ఆగిపోయాడు. గోడ తాను పట్టిన బంతిని గుండెకు హత్తుకుని గీతమీద ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు. వాడు పట్టాల్సింది ఆ బంతి కాదు. వాడికి చెందిన చోటు ఆ గీత కాదు.

మూడు రోజులకు, పట్టపగలు, ఆయన సున్నం కొని ఇంటికి వచ్చేసరికి భార్య వంటింటి గడపమీద కూర్చుని ఉంది. ఒళ్ళో బేకరీ సంచి. అందులోంచి వేడి రొట్టె వాసన వస్తోంది. ఆవిడ తలెత్తకుండానే మాట్లాడింది.

"గోడ వచ్చి వెళ్ళాడు. రొట్టె తెచ్చాడు. నన్ను క్షమించానని చెప్పి వెళ్ళాడు."

నీళ్ళాయన సున్నం సంచి దించాడు.

"దిగులు పెట్టుకోవద్దు పెద్దమ్మా, మతిమరుపు ఎవరికైనా వస్తుంది అన్నాడు. నా చేయి పట్టుకుని మరీ అన్నాడు. నేనేం మర్చిపోయానో నాకు తెలియలేదు. వాడు అంత ఆప్యాయంగా అంటుంటే అడగలేకపోయాను. మీరు చెప్తారా కాస్త?"

ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన మౌనంగా ఉన్న సందర్భాలు ఆవిడ వేళ్ళమీద లెక్కపెట్టగలదు. కళ్ళజోడు డబ్బా కింద పెట్టిన కాగితం, గుమ్మంలోనే చెప్పిన సంగతి ఆవిడకు గుర్తున్నాయి. అంతా గుర్తుంది.

"ఊరికి నీళ్ళు రాకపోతే నన్ను తిట్టేవాళ్ళు" అంది. "మీ ఆయన కట్టేశాడమ్మా అని. పడ్డాను. మీరు రేపు వదులుతారని నాకు తెలుసు కాబట్టి పడ్డాను. ఇదెప్పుడు వదులుతారు?"

ఆవిడ అరవలేదు. రొట్టె కోసింది. ఆయనకొక ముక్క పెట్టింది. 

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు జిల్లా ఆఫీసుకు వెళ్ళాడు, చంకలో రిజిస్టరు పెట్టుకుని. మేడమీద చిన్న గది, రెండు బీరువాలు, గోడనిండా కప్పులు. ఆటగాళ్ళ నమోదు చూసే గుమస్తా ఒకావిడ కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. ఆయన పంపిన పళ్ళ డాక్టరు సంతకాల కట్ట తిప్పి పంపింది ఆవిడే. నీళ్ళాయన నిలబడే చెప్పుకుపోయాడు: పదహారు, పదిహేను, షరతు, చందాలు, పందొమ్మిది, రెండు. ఆవిడ మధ్యలో చెయ్యెత్తి ఆపింది.

"ఒక్క నిమిషమండీ. పదిహేనైతే లీగులోంచి తీసేస్తామని మీకెవరు చెప్పారు?"

ఆయన నియమం అప్పజెప్పాడు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా.

"అది చేరేటప్పుడండీ. మీరు చేరిపోయారు కదా రెండు నెలల కిందటే. ఆ తర్వాత ఒకడు పోతే పదిహేనుమందితోనే ఆడుకోవచ్చు. పదకొండుమంది నిలబడితే చాలు. పుస్తకం అవతలి పేజీలో ఉంది." ఆవిడ కాస్త నెమ్మదిగా కలిపింది. "ఫోను చేసి అడిగితే ఒక్క ముక్కలో చెప్పేదాన్ని కదా."

నీళ్ళాయన అక్కడున్న కుర్చీ లాక్కున్నాడు. అడక్కుండానే కూర్చున్నాడు. ఊరికి తాగునీళ్ళు లేవని ఒక వీధిని ఎండగట్టి, తీరా చూస్తే ట్యాంకు నిండా నీళ్ళున్నట్టయింది. ఎవరి కోసమూ కాకుండా ఆపాడు వాడిని. అడగటానికి నామోషీపడి ఆపాడు.

ఆవిడ ఇచ్చిన తెల్లకాగితంమీద అంతా రాశాడు. ఉత్తరం పందొమ్మిదో తేదీనే అందిందని, ముద్ర తన జేబులోనే ఉందని, ఫోనులో అబద్ధం చెప్పానని, రిజిస్టరులో తప్పు తేదీ వేశానని రాశాడు. తన భార్యకు ఇందులో ఏ సంబంధమూ లేదని ప్రత్యేకంగా ఒక వాక్యం రాశాడు. గుమస్తా ఆ వాక్యం చదివి, ఇది కమిటీకి అక్కర్లేదండీ అంది. నాకు అక్కరుందండీ అన్నాడాయన. ఆ తర్వాత రిజిస్టరు తెరిచి రెండు అన్న అంకెను అడ్డంగా కొట్టేసి, పక్కన పందొమ్మిది అని వేసి, పొట్టి సంతకం పెట్టాడు. జన్మలో అదే మొదటి కొట్టివేత.

కమిటీ పదిరోజులకు కూర్చుంది. కారణం లేకుండా పత్రం ఆపినందుకు క్లబ్బుకు మూడు పాయింట్లు కోత, అంటే గోడ పెనాల్టీ పట్టి గెలిపించిన ఆట మొత్తం పోయినట్టే. కార్యదర్శి రెండు సీజన్లు క్లబ్బులో ఏ పదవీ చేయరాదు. గోడ అడిగిన తేదీనే పత్రం ఇచ్చినట్టు పరిగణించి, ఓడరేవు జట్టులో నమోదుకు అనుమతి. కానీ ఓడరేవు వాళ్ళు ఎన్నాళ్ళని చూస్తారు? నెలాఖరులోనే వేరే గోల్‌కీపరును తీసుకున్నారు. గోడను రెండో గోల్‌కీపరుగా తీసుకుంటామన్నారు. ఉద్యోగం మాత్రం రోజుకూలీ లెక్కన, ఖాళీ వస్తే వచ్చే ఏడు చూద్దామన్నారు.

షావుకారు కోప్పడ్డాడు గానీ చందా ఆపలేదు. అసలు అలిగింది ఆటగాళ్ళు. ప్రెస్సు అన్నదమ్ములు నాలుగు రోజులు నేలమీదికి రాలేదు. మంగలి క్షవరం చేస్తూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మంగలి మాట్లాడకుండా క్షవరం చేయడం ఊళ్ళో అదే మొదటిసారి అని తర్వాత చెప్పుకున్నారు. టీచరమ్మ కార్యదర్శి అయింది. ముద్ర ఆమె చేతికిస్తూ నీళ్ళాయన, జేబులో పెట్టుకోకండి, బల్లమీదే ఉంచండి అన్నాడు.

ఊరు విడిచే ముందురోజు గోడ వచ్చాడు. నీళ్ళాయన అరుగుమీదే ఉన్నాడు. చెప్పాల్సినవి వారం నుంచి కూడగట్టుకుని ఉన్నాడు. లేచి నిలబడ్డాడు. గోడ ఆయన్ని చూశాడు, తల కొంచెం వంచాడు.

"పెద్దమ్మ ఉందా?"

"లోపలుంది. ఒరే, నేను..."

"నేనావిడకు క్షమాపణ చెప్పుకోవాలి" అన్నాడు గోడ. "చెయ్యని తప్పుకు క్షమించి వెళ్ళాను." ఆయన పక్కనుంచి లోపలికి వెళ్ళాడు.

వంటింట్లోంచి మాటలు వినిపించాయి. ఒకసారి ఆవిడ నవ్వు కూడా వినిపించింది. బయటికి వచ్చాక గోడ చెప్పులేసుకుంటూ, "గోలు ముందు నేల గుంటపడింది, మట్టి వేయించండి" అన్నాడు. పెదనాన్నా అనలేదు. అండీ అని వెళ్ళిపోయాడు.

నియమాల్లో పదవి చేయరాదని ఉంది గానీ గీతలు గీయరాదని లేదు. ఈసారి నీళ్ళాయన ఫోను చేసి మరీ కనుక్కున్నాడు. గీయొచ్చండీ అంది గుమస్తా. అందుకని ప్రతి ఆటకు ముందు ఆయనే సున్నం డబ్బా తోసుకుంటూ కనబడతాడు. గోలు ముందు గోడ మడమలు తవ్విన గుంటలో మట్టి వేశాడు, నీళ్ళు చల్లాడు, దిమ్మిస కొట్టాడు. నేల సమమైంది. అయినా అక్కడికి వచ్చేసరికి డబ్బా కాసేపు ఆగుతుంది.

పక్క ఊరివాళ్ళెవరో క్లబ్బు పెట్టాలని ఒకనాడు చూడటానికి వచ్చారు. గొట్టాలు తట్టారు, వాలు చూసి మెచ్చుకున్నారు. ఇదంతా మీరే చేశారట కదా, ఎలా చేశారో చెప్పండి అని అడిగారు. ఆయన డబ్బా పక్కన పెట్టి, చేతులు దులుపుకుని మొదలుపెట్టాడు.

"ముప్పై మూడేళ్ళు ఊరికి నీళ్ళు వదిలానండీ. నలభై రెండు వీధులు, నూట పదకొండు వాల్వులు. ఈ నేల కనిపెట్టింది నేనే, కౌలు తెచ్చింది నేనే, ఈ గొట్టాలు నిలబెట్టింది నేనే. పదహారుమందిని పోగుచేసింది నేనే." అక్కడ కొంచెం ఆగాడు. "వాళ్ళలో ఒకడి కాగితం పన్నెండు రోజులు ఆపి వాడి ఉద్యోగం పోగొట్టి, ఆ తప్పు మా ఇంటావిడమీద వేసింది కూడా నేనే. రాసుకోండి. మీరు పెట్టేటప్పుడు ముందు ఫోను చేసి అడగండి, నంబరు నేనిస్తాను."